ఆసుపత్రి బిల్లులో కోతలు పెట్టారు, ఒక్కో ఐటమ్‌కీ జవాబు అడుగుతూ ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న:
సార్, మాది చిన్న కిరాణా షాపు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించుకుని మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. బిల్లు రూ. 1,22,000 చేతి నుంచి కట్టి క్లెయిమ్ పెడితే రూ. 81,600 అకౌంట్లో వేశారు. గది అద్దె 3,000, సర్జన్ ఫీజు ‘రీజనబుల్ అండ్ కస్టమరీ’ 7,000, ప్రపోర్షనేట్ డిడక్షన్ 24,200, నాన్ మెడికల్ 5,200, రిజిస్ట్రేషన్ 1,000 కోశామని రాశారు. పాలసీ 3 లక్షలది. బిల్లు, పాలసీ కాపీలు జత చేశాను. ఫోన్ చేస్తే ‘అంతా రూల్ ప్రకారమే’ అంటున్నారు. ఉత్తరం ఎలా రాయాలో చెప్పగలరా?

సమాధానం:
ముందు ఆ ప్రపోర్షనేట్ డిడక్షన్, అంటే దామాషా కోత, 24,200 సంగతి తేల్చాలి. ఒకే అంకె వేసి వదిలేశారు కాబట్టి అది బిల్లులో దేని మీద పడిందో మీకు తెలియడం లేదు. మీ బిల్లు ముందు పెట్టుకుని వెనక్కి లెక్క కట్టాను. మీ పాలసీలో గది అద్దె పరిమితి సమ్ ఇన్సూర్డ్ 3 లక్షల్లో ఒక శాతం, అంటే రోజుకు 3,000. మీరు ఉన్న గది 4,000ది. మీకు అర్హత ముప్పావు వంతే కాబట్టి మిగతా బిల్లులోనూ పావు వంతు తీసేశారు. సర్జన్ ఫీజును వాళ్ళు 25,000కి దించారు. దానికి మత్తు డాక్టరు 9,000, థియేటరు 18,000, డాక్టరు విజిట్లు 4,000 కలిపితే 56,000. అందులో పావు వంతు 14,000. పరీక్షల బిల్లు 11,400లో పావు వంతు 2,850. మందుల బిల్లు 34,600లోంచి నాన్ మెడికల్ 5,200 పోగా మిగిలిన 29,400లో పావు వంతు 7,350. మూడూ కూడితే సరిగ్గా 24,200 వస్తుంది.

ఇప్పుడు రూల్ చూద్దాం. ఈ దామాషా కోత ఎక్కడ పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో బీమా కంపెనీలకు రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ 2020లోనే తేల్చి చెప్పింది. మందులు, ఆపరేషన్‌లో వాడే సామాన్ల మీద పెట్టకూడదు. ఇంప్లాంట్లు, వైద్య పరికరాల మీద పెట్టకూడదు. రక్త పరీక్షలు, స్కానింగుల్లాంటి పరీక్షల మీద పెట్టకూడదు. ఐసీయూ చార్జీల మీద కూడా పెట్టకూడదు, అది మీకు వర్తించదనుకోండి. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఖరీదైన గదిలో ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ధర పెరగదు. కాబట్టి పరీక్షల మీద 2,850, మందుల మీద 7,350 తీసేయడం తప్పు. ఈ రెండింటి మీద వాదన కూడా అక్కర్లేదు, రూల్ చూపించి డబ్బు అడగడమే. క్లెయిమ్ ఫైళ్ళు చూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను. ఈ కోత బిల్లు మొత్తం మీద గంపగుత్తగా పడిపోవడం ఎన్నో ఫైళ్ళలో కనిపిస్తుంది. అడిగినవాడికి వెనక్కి వస్తుంది, అడగనివాడికి అంతే సంగతులు.

మిగిలిన 14,000 కొంచెం వేరు. సర్జన్, మత్తు, థియేటరు, విజిట్ల మీద దామాషా కోత పెట్టే హక్కు కంపెనీకి ఉంది, పాలసీలో ఆ క్లాజు ఉంటే. మీ పాలసీలో ఉంది, చూశాను. కానీ దానికో షరతు ఉంది. గదిని బట్టి రేట్లు మార్చే పద్ధతి ఆసుపత్రిలో లేకపోతే ఈ కోత పెట్టకూడదు. కొన్ని ఖర్చులకే మారుతుంటే, మారని వాటి మీద పెట్టకూడదు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో జనరల్ వార్డుకు ఒక సర్జన్ ఫీజు, సింగిల్ రూంకు ఇంకో సర్జన్ ఫీజు ఉండటం మామూలే. మన జిల్లా పట్నాల్లో నలభై యాభై పడకల నర్సింగ్ హోముల్లో మాత్రం ఆపరేషన్‌కు ఇంత అని ఒకే రేటు ఉండటం ఎక్కువ. గది అద్దె, డాక్టరు రౌండ్స్ చార్జీ మాత్రమే మారతాయి.

అందుకని ఉత్తరం రాసే ముందు ఆసుపత్రికి వెళ్ళి బిల్లింగ్ కౌంటర్లో ఒక కాగితం అడగండి. లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో రెండు వాక్యాలు చాలు: ఫలానా ఆపరేషన్‌కు సర్జన్ ఫీజు, మత్తు, థియేటరు చార్జీలు మా ఆసుపత్రిలో అన్ని గదులకూ ఒకటే, విజిట్ చార్జీ మాత్రం గదిని బట్టి మారుతుంది. దాంతోపాటు రేట్ల పట్టిక జిరాక్స్ కూడా తీసుకోండి. నోటి మాటగా ‘అవునండీ, ఒకటే రేటు’ అంటే పనికిరాదు. ఆ రేట్లు నిజంగా గదిని బట్టి మారుతుంటే ఈ 14,000 జోలికి వెళ్ళకండి. గెలవని వాదన ఒకటి ఉత్తరంలో పెడితే గెలిచే వాదనలు కూడా పలచబడతాయి.

సర్జన్ ఫీజులో 7,000 కోతకు ‘రీజనబుల్ అండ్ కస్టమరీ’ అన్నారు. ఈ మాటకు పాలసీ నిర్వచనాల పేజీలో అర్థం ఇచ్చి ఉంటుంది, అన్ని కంపెనీల పాలసీల్లోనూ అది దాదాపు ఒకటే. ఆ ఆసుపత్రి మామూలుగా తీసుకునే రేటు అయి ఉండాలి, ఆ ప్రాంతంలో అలాంటి వైద్యానికి నడుస్తున్న రేట్లకు దగ్గరగా ఉండాలి, జబ్బు తీరును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీ దగ్గర మామూలు రేటే తీసుకున్నారని ఆసుపత్రి రేట్ల పట్టికే చెబుతుంది. ప్రాంతంలో రేటు 25,000 మాత్రమే అని కంపెనీ అంటే, ఏ ఆసుపత్రుల రేట్లతో పోల్చారో వాళ్ళే చూపించాలి. చాలాసార్లు చూపించలేరు, ఎక్కడో పక్క ఊరి నెట్‌వర్క్ ఆసుపత్రితో కుదుర్చుకున్న రేటును తెచ్చి ఇక్కడ వేస్తారు. మీ డిశ్చార్జి సమ్మరీలో గాల్‌బ్లాడర్ వాచి చుట్టూ అతుక్కుపోయిందని రాశారు, ఆపరేషన్ ఎక్కువసేపు పట్టిందనీ రాశారు. ఆ వాక్యాన్ని ఉత్తరంలోకి ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. ఇలాంటి చోట డాక్టరు రాసిన ఒక్క లైను మీ పేజీ వాదన కంటే బరువు తూగుతుంది.

నాన్ మెడికల్ 5,200లో మాత్రం కొంత వదులుకోవాలి. చేతొడుగులు, మాస్కులు, చేతికి పెట్టే వాసోఫిక్స్, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, ఇవన్నీ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన లిస్ట్ 1లో పేర్లతో సహా ఉన్నాయి. ఆ లిస్టులో ఉన్నవి 68 ఐటమ్స్, అదనపు కవర్ తీసుకుంటే తప్ప వీటికి డబ్బు రాదు. మీ మందుల బిల్లులో ఇవి 2,160. దూది, గాజ్‌గుడ్డ, టేపు 640 ఉన్నాయి, ఇవి లిస్ట్ 3లోవి. ఇక్కడ తేడా గమనించండి. లిస్ట్ 2 గది చార్జీలో, లిస్ట్ 3 ఆపరేషన్ చార్జీలో, లిస్ట్ 4 వైద్యం ఖర్చులో కలిసి ఉండాల్సినవి. అంటే ఆసుపత్రి వీటిని విడిగా వేయకూడదు. ‘అసలు ఇవ్వం’ అనే లిస్టు మాత్రం కాదు. అందుకని ఆపరేషన్ ఖర్చులో కలిపి లెక్కించమని అడగవచ్చు. రిజిస్ట్రేషన్, ఫైలు చార్జీల 1,000 కూడా ఇదే రకం. వీటి మీద ఒక్కో ఆఫీసు ఒక్కోలా నిర్ణయిస్తుంది, వస్తే వచ్చాయి అనుకోండి. ఇవ్వం అంటే, విడిగా ఎందుకు వేశారని ఆసుపత్రినే అడిగి వెనక్కి తీసుకోవచ్చు.

ఇక ఆ 5,200లో నాకు బాగా అన్యాయం అనిపించింది 2,400 పెట్టి కొన్న టైటానియం క్లిప్పులు. గాల్‌బ్లాడర్‌ను కోసేముందు దాని నాళానికి, రక్తనాళానికి ఈ చిన్న క్లిప్పులు బిగిస్తారు, అవి మనిషి ఒంట్లోనే ఉండిపోతాయి. లిస్ట్ 1లో వీటి పేరు లేదు. లిస్ట్ 3లో ‘ఎండోస్కోపీ పరికరాలు’ అని ఒక మాట ఉంది, దాన్ని అడ్డం పెట్టుకుంటారేమో. పరికరం అంటే క్లిప్పు వేసే చేతి సాధనం, దాన్ని శుభ్రం చేసి మళ్ళీ ఇంకొకరికి వాడతారు. క్లిప్పు అలా కాదు. ఆపరేషన్ నోట్స్ కాపీ తీసుకుంటే అందులో క్లిప్పులు వేసినట్టు రాసి ఉంటుంది, కొన్ని ఆసుపత్రులు ఆ పేజీ మీదే క్లిప్పుల ప్యాకెట్ స్టిక్కర్ కూడా అంటిస్తాయి. ఉంటే అదే మీకు గట్టి రుజువు.

గది అద్దె తేడా 3,000 గురించి గొడవ పెట్టుకోకండి, అది సరైన కోతే. ఉత్తరంలో కూడా ఒప్పుకున్నట్టు రాయండి. ఏది ఒప్పుకుంటున్నారో, ఏది ఒప్పుకోవడం లేదో విడివిడిగా రాసినవాడి ఉత్తరాన్ని ‘అంతా రూల్ ప్రకారమే’ అనే ఒక్క లైనుతో పక్కన పెట్టడం కష్టం.

ఆసుపత్రి ఆ కాగితం ఇచ్చిందని అనుకుని ఉత్తరం ఇలా రాయండి.

కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: పాలసీ నంబరు ____, క్లెయిమ్ నంబరు ____, పాక్షిక చెల్లింపుపై అభ్యంతరం, ఇంకా రావలసిన రూ. 34,240 కోరుతూ.

అయ్యా,

నేను ____లో కిరాణా షాపు నడుపుకుంటున్నాను. గాల్‌బ్లాడర్ తొలగించే ఆపరేషన్‌కు అయిన రూ. 1,22,000 బిల్లుపై మీరు రూ. 81,600 చెల్లించి, రూ. 40,400 తగ్గించారు. ఈ తగ్గింపులో రూ. 6,160 సరైనదేనని ఒప్పుకుంటున్నాను. మిగిలిన రూ. 34,240 తగ్గింపుకు నా అభ్యంతరాలు ఒక్కో ఐటమ్ వారీగా ఇవి:

1. గది అద్దె తేడా రూ. 3,000. ఒప్పుకుంటున్నాను.

2. పరీక్షలపై దామాషా కోత రూ. 2,850. పరీక్షల ఖర్చుపై ఈ కోత వర్తించదని ఐఆర్‌డీఏఐ 2020 నిబంధనలు చెబుతున్నాయి. పూర్తిగా చెల్లించగలరు.

3. మందులు, సామగ్రిపై దామాషా కోత రూ. 7,350. ఇది కూడా అదే నిబంధనకు విరుద్ధం. పూర్తిగా చెల్లించగలరు.

4. సర్జన్, మత్తు, థియేటరు, విజిట్లపై దామాషా కోత రూ. 14,000. ఆసుపత్రిలో విజిట్ చార్జీ తప్ప మిగతావి అన్ని గదులకూ ఒకటే. ధ్రువపత్రం, రేట్ల పట్టిక జతచేశాను. విజిట్లపై రూ. 1,000 కోత ఒప్పుకుంటున్నాను. మిగతా రూ. 13,000 చెల్లించగలరు.

5. సర్జన్ ఫీజులో రూ. 7,000. ఇది ఆసుపత్రి మామూలు రేటేనని జతచేసిన పట్టిక చూపిస్తుంది. ఆపరేషన్ కష్టమైనదని డిశ్చార్జి సమ్మరీలో ఉంది: “____”. రూ. 25,000 సరైన రేటని ఏ ఆసుపత్రులతో పోల్చి నిర్ణయించారో ఆ వివరాలు ఇవ్వగలరు, లేదా ఈ మొత్తం చెల్లించగలరు.

6. టైటానియం క్లిప్పులు రూ. 2,400. ఇవి శరీరంలో శాశ్వతంగా ఉండేవి. లిస్ట్ 1లో లేవు. ఆపరేషన్ నోట్స్ జతచేశాను. చెల్లించగలరు.

7. చేతొడుగులు, మాస్కులు, వాసోఫిక్స్, ఈసీజీ ఎలక్ట్రోడ్లు రూ. 2,160. ఒప్పుకుంటున్నాను.

8. దూది, గాజ్, టేపు రూ. 640. లిస్ట్ 3 ప్రకారం ఆపరేషన్ ఖర్చులో భాగం. దానిలో కలిపి చెల్లించగలరు.

9. రిజిస్ట్రేషన్, ఫైలు చార్జీలు రూ. 1,000. లిస్ట్ 2, లిస్ట్ 4 ప్రకారం గది, వైద్యం ఖర్చుల్లో భాగం. వాటిలో కలిపి చెల్లించగలరు.

వీటిలో దేన్నైనా తిరస్కరిస్తే, ఆ ఐటమ్‌కు పాలసీలో ఏ క్లాజు ఆధారమో విడిగా రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మీరు పంపిన రూ. 81,600ను పాక్షిక చెల్లింపుగా మాత్రమే స్వీకరించాను.

ఇట్లు,
(సంతకం, ఫోన్ నంబరు, తేదీ)

చివరి పేరాలో రెండు వాక్యాలూ ఊరికే పెట్టినవి కావు. క్లెయిమ్‌లో కొంత భాగం ఇవ్వకపోతే పాలసీలోని ఫలానా షరతు చూపించి కారణం చెప్పాలని ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. ‘పాక్షిక చెల్లింపుగా’ అన్న మాట, డబ్బు తీసుకున్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అని రేపు అనకుండా. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని రాసిన డిశ్చార్జి వోచర్ మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉన్నా కంగారు పడకండి. అంతమాత్రాన ఎక్కువ అడిగే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే చెప్పింది.

ఆసుపత్రి కాగితం ఇవ్వకపోతే నాలుగో ఐటమ్ ఒప్పుకున్న వాటిలోకి పోతుంది. అప్పుడు సర్జన్ ఫీజు 7,000 గెలిచినా దానిలో ముప్పావు వంతు, 5,250 మాత్రమే వస్తుంది. విషయం లైనులోనూ మొదటి పేరాలోనూ రావలసిన మొత్తం 19,490 అని, ఒప్పుకున్నది 20,910 అని మార్చుకోండి. కూడిక తప్పితే అవతలివాడు దాన్నే పట్టుకుంటాడు, పంపేముందు ఇంకోసారి లెక్క చూసుకోండి.

ఉత్తరం కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏకి పంపి ఊరుకోకండి. ఫోన్లో మీతో మాట్లాడేది వాళ్ళే అయినా నిర్ణయం బీమా కంపెనీదే. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఐడీ పాలసీ కాగితాల్లోనే ఉంటుంది, దానికి మెయిల్ చేసి, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా పంపండి. హెడ్డాఫీసు వేరే రాష్ట్రంలో ఉంటే ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఇంగ్లీషులోకి మార్పించి పంపితే పని త్వరగా కదులుతుంది. బిల్లులో ఒక్కో ఐటమ్ పక్కన ఉత్తరంలోని నంబరు పెన్నుతో వేసి ఆ కాపీ జతచేయండి. ఫైలు చూసేవాడికి మందుల బిల్లు మూడు పేజీలు వెతికే ఓపిక ఉండదు.

ఫిర్యాదుకు రెండు వారాల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే bimabharosa.irdai.gov.in లో నమోదు చేయండి, అది మళ్ళీ కంపెనీకే వెళుతుంది కానీ ఐఆర్‌డీఏఐ కంట్లో పడుతుంది. వాళ్ళ ఫోన్ నంబరు 155255. కంపెనీ కాదన్నా, నెల దాటినా జవాబు రాకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. దానికి ఏడాది గడువు ఉంది, షాపు పనుల్లో పడి దాటనివ్వకండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. cioins.co.in లో ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అంబుడ్స్‌మన్ ఇచ్చిన అవార్డుకు కంపెనీ కట్టుబడాలి, మీకు నచ్చకపోతే మాత్రం వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి తెరిచే ఉంటుంది. ‘మేం ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో కమీషన్ ఇవ్వండి’ అని ఫోన్లు వస్తాయి. పై ఉత్తరంలో ఉన్నదానికి మించి వాళ్ళు రాసేదేమీ ఉండదు.

ఇంకో మాట. ఉత్తరం అందాక బహుశా ముందు మందులు, పరీక్షల 10,200 వేసి, ‘సెటిల్ అయింది, ఫిర్యాదు క్లోజ్ చేయమంటారా’ అని ఫోన్ చేస్తారు. డబ్బు తీసుకోండి, ఫోన్లో సరే అనకండి. ‘4, 5, 6, 8, 9 ఐటమ్స్‌కు ఇంకా జవాబు రాలేదు’ అని అదే మెయిల్‌కు రిప్లయ్ పెట్టండి.